గుడ్డు నిద్రపోవాలా వద్దా? పట్టుపురుగులో ఆ నిర్ణయం తల్లిదే

హిందూపురం, మడకశిర వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఎప్పుడో ఒకసారి ఈ ప్రశ్న వస్తుంది. సీబీ అనే సంకర జాతి గుడ్లు తెచ్చుకుంటే పెట్టిన పది రోజులకు చక్కగా పిల్లలవుతాయి. అదే బైవోల్టిన్ జాతి గుడ్లనైతే, గుడ్లు తయారుచేసి ఇచ్చే గ్రైనేజ్‌లో ముందు వేడి యాసిడ్‌లో ముంచి తీసి మరీ ఇస్తారు. ముంచకపోతే? గుడ్డు చావదు. పాడవదు. రెండు మూడు రోజుల్లో పసుపు రంగు పోయి, ఎర్రబడి, ముదురు గోధుమ రంగుకు తిరిగి అలాగే ఉండిపోతుంది, వారాలు, నెలలు. లోపల పిండం బతికే ఉంటుంది, పెరగడం మాత్రం ఆపేస్తుంది.

ఇలా ఆగిపోవడాన్నే డయాపాజ్ అంటారు, తెలుగులో సుప్తావస్థ అంటున్నాం. చాలామంది దీన్ని "చలికి ముడుచుకుని పడుకోవడం" అనుకుంటారు, అక్కడే తికమక మొదలవుతుంది. ఎందుకంటే ఆ గుడ్డు ఆగిపోయేది మే నెల ఎండలో, 25 డిగ్రీల వెచ్చటి గదిలో కూడా. చలి ఇంకా రానే లేదు, బహుశా ఎప్పటికీ రాదు కూడా.

ఆగిపోవడం వేరు, ముందే ఆపుకోవడం వేరు

చలేస్తే పురుగు కదలదు, వెచ్చబడగానే మళ్లీ కదులుతుంది. ఇది మామూలు స్తబ్దత, దీనికి ముందస్తు ఏర్పాటు అక్కర్లేదు. పరిస్థితి బాగాలేనప్పుడు ఆగడం, బాగుపడగానే సాగడం, అంతే.

దీనికి చివరంటా వెళ్లిన ఉదాహరణ ఉత్తర నైజీరియాలో ఉంది. అక్కడ బండరాళ్ల మీద గుంటల్లో వాన నీళ్లు నిలిస్తే అందులో పాలీపెడిలమ్ అనే చిన్న దోమలాంటి పురుగు పిల్లలు పెరుగుతాయి (కుట్టదులెండి). గుంట ఎండిపోతే పిల్ల కూడా ఎండిపోతుంది. ఒంట్లో నీరు దాదాపు మూడు శాతానికి పడిపోతుంది, దాని స్థానంలో ట్రెహలోజ్ అనే చక్కెర నిండుతుంది, పొడి బరువులో ఐదో వంతు దాకా. మళ్లీ నీళ్లు పోస్తే గంటలో కదులుతుంది. 17 ఏళ్లు ఎండి ఉన్నాక లేచిన పిల్ల గురించి కూడా నమోదై ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, 2002లో జపాన్ పరిశోధకులు ఆ పిల్లల మెదడు తీసేసి ఎండబెట్టి చూశారు, అయినా చక్కెర పేరుకుంది, నీళ్లు తగలగానే లేచాయి. అంటే పైనుంచి ఆజ్ఞ ఇచ్చేవాళ్లెవరూ లేకపోయినా ఒంట్లోని కణాలు వాటంతట అవే ఈ పని చేసుకుంటున్నాయన్నమాట.

డయాపాజ్ అలాంటిది కాదు. కష్టకాలం రాకముందే, వస్తుందని చెప్పే ఒక గుర్తును చూసి, హార్మోన్ ద్వారా ఒళ్లు తనను తాను ఆపుకుంటుంది. ఒకసారి ఆగాక బయట వాతావరణం బాగున్నా వెంటనే లేవదు. తిండి, వెచ్చదనం, తేమ అన్నీ ఇచ్చినా సరే. తేడా తెలుసుకోవాలంటే ఇదే పరీక్ష: మంచి పరిస్థితి ఇచ్చాక లేస్తే స్తబ్దత, లేవకపోతే సుప్తావస్థ. బైవోల్టిన్ గుడ్డు 25 డిగ్రీల్లో లేవదు కదా, అదీ సంగతి.

సీబీ గుడ్డుకు యాసిడ్ ఎందుకు అక్కర్లేదు

మల్బరీ పట్టుపురుగుల్లో మూడు రకాల జాతులున్నాయి. ఏడాదికి ఒక్క తరమే వచ్చేవి, వీటి గుడ్లు ఎప్పుడూ నిద్రపోతాయి. ఏడాదంతా తరం తర్వాత తరం ఆగకుండా వచ్చేవి, మన దక్షిణాది ప్యూర్ మైసూర్ ఈ రకం, గుడ్లు నిద్రపోవు. మూడోది బైవోల్టిన్, పేరులోనే రెండు ఉంది, సహజంగా ఏడాదికి రెండు తరాలు. ఒక తరం పెట్టిన గుడ్లు నిద్రపోవు, తర్వాతి తరం పెట్టినవి నిద్రపోతాయి. పట్టు దిగుబడి, దారం పొడవు, తెలుపు అన్నీ బైవోల్టిన్‌లోనే బాగుంటాయి, ఒక్కో గూటి నుంచి వెయ్యి మీటర్ల దాకా దారం వస్తుంది. అందుకే దాని వెంట పడుతున్నారు.

సీబీ అంటే ఈ రెండు కలిపిన సంకరం. ప్యూర్ మైసూర్ ఆడది, సీఎస్ఆర్-2 అనే బైవోల్టిన్ మగది. మరి తండ్రి వైపు నిద్రపోయే జాతి కదా, పిల్లల్లో సగమైనా నిద్రపోవాలిగా? పోవు. గుడ్డు నిద్రపోతుందా లేదా అన్నది ఆ గుడ్డులోని పిండం జన్యువులు తేల్చే విషయం కాదు, ఆ గుడ్డు తయారైన కడుపు తేల్చే విషయం. తల్లి ఒంట్లో గుడ్డు పెరుగుతున్నప్పుడే దాని మీద ముద్ర పడిపోతుంది, తండ్రి వచ్చేది ఆ తర్వాతే. తల్లి ప్యూర్ మైసూర్ కాబట్టి సీబీ గుడ్డు ఆగకుండా పొదుగుతుంది. అవే రెండు జాతులు తీసుకుని తల్లిదండ్రులను తారుమారు చేసి, 25 డిగ్రీల్లో పొదిగించిన సీఎస్ఆర్-2 ఆడదానికి ప్యూర్ మైసూర్ మగదాన్ని కలిపితే గుడ్లు నిద్రలోకి పోతాయి, యాసిడ్ తప్పదు. పిండానికి జన్యువులు చూస్తే అవే, తల్లి మారింది, అంతే.

అమ్మ గుడ్డులో ఉన్నప్పుడు చూసిన పగలు

బైవోల్టిన్ తల్లికి ఎలా తెలుస్తుంది, తాను పెట్టే గుడ్లు నిద్రపోయేవా కావా అని? ఇక్కడే అసలు వింత. తాను రెక్కల పురుగయ్యాక చూసిన వాతావరణాన్ని బట్టి కాదు, ఆకు తినే రోజుల్లో చూసినదాన్ని బట్టీ పెద్దగా కాదు. తాను ఇంకా గుడ్డులో పిండంగా ఉన్నప్పుడు ఎంత వెచ్చగా ఉంది, పగలు ఎంత పొడుగుంది అన్నదాన్ని బట్టి. ఆ గుర్తు నెలన్నర పాటు, నాలుగు సార్లు చర్మం వదిలినా, గూడు కట్టి ప్యూపా అయినా చెరిగిపోకుండా ఉంటుంది.

ఆ పిండాన్ని 25 డిగ్రీల్లో పొదిగిస్తే పెద్దయ్యాక నిద్రపోయే గుడ్లు పెడుతుంది. 15 డిగ్రీల్లో, చీకట్లో పొదిగిస్తే నిద్రపోని గుడ్లు పెడుతుంది. మధ్యలో 20 డిగ్రీల దగ్గర ఉష్ణోగ్రత ఎటూ తేల్చదు, అప్పుడు పగటి పొడవు మాట చెల్లుతుంది. పొడుగు పగలైతే నిద్రపోయే గుడ్లు, పొట్టి పగలైతే నిద్రపోని గుడ్లు.

ఆగండి, తిరగబడినట్టు లేదూ? చలికాలం కోసం నిద్రపోయే పురుగులు ఎక్కువ శాతం పగలు తగ్గడం చూసి నిద్రకు సిద్ధమవుతాయి. పట్టుపురుగు పగలు పెరగడం చూసి సిద్ధమవుతోంది. దీన్ని అర్థం చేసుకోవాలంటే జపాన్‌లో ఒక ఏడాది క్యాలెండర్ పట్టుకుని నడవాలి. చలికాలమంతా నిద్రపోయిన గుడ్డులో పిండం వసంతంలో పెరగడం మొదలుపెడుతుంది, అప్పటికి గాలి ఇంకా చల్లగా ఉంటుంది, పగలూ పూర్తిగా పెరగలేదు. అంటే "ముందు ఎండాకాలం ఉంది, ఇంకో తరానికి మల్బరీ ఆకు దొరుకుతుంది" అని. ఆ పిండం పెద్దదై ఎండాకాలం మొదట్లో పెట్టే గుడ్లు ఆగకుండా పొదుగుతాయి. ఆ రెండో తరం పిండాలు గుడ్డులో ఉన్నది నడి ఎండాకాలంలో, వెచ్చగా, పొడుగాటి పగలు. అవి పెద్దవై గుడ్లు పెట్టేసరికి ఎండాకాలం అయిపోవస్తుంది, ఆ గుడ్లు పొదిగితే పిల్లలకు ఆకు దొరకదు. కాబట్టి నిద్ర. గుర్తు కనిపించే కాలానికీ గుడ్లు పెట్టే కాలానికీ మధ్య ఒక తరం దూరం ఉంది కాబట్టే లెక్క తిరగబడింది.

టోక్యోలో పొడుగు పగలుకూ పొట్టి పగలుకూ మధ్య దాదాపు ఐదు గంటల తేడా ఉంటుంది. హిందూపురంలో ఆ తేడా గంటన్నరకు కాస్త ఎక్కువ, అంతే. పైగా మన గ్రైనేజ్‌లో గుడ్లు పొదిగించేదే 25 డిగ్రీల దగ్గర. అంటే మన దగ్గర పుట్టే ప్రతి బైవోల్టిన్ తల్లికీ గుడ్డులో అందే కబురు ఒక్కటే, "నడి ఎండాకాలం". అందుకే రెండు తరాల్లో ఒకటి నిద్రపోకూడదనే సహజ క్రమం మన దగ్గర కనబడదు, ప్రతి తరమూ నిద్రపోయే గుడ్లే పెడుతుంది, ప్రతిసారీ యాసిడో కోల్డ్ స్టోరేజో కావాల్సి వస్తుంది.

పిండం వెచ్చదనాన్ని ఎలా కొలుస్తుందో 2014లో కొంత తేలింది. కణం పొరలో ట్రిప్-ఏ1 అనే ప్రోటీన్ ద్వారం ఉంది, సుమారు 21 డిగ్రీలు దాటితే తెరుచుకుంటుంది. ఆ ప్రోటీన్ తయారీని తగ్గిస్తే, 25 డిగ్రీల్లో పొదిగించిన తల్లి కూడా నిద్రపోని గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

నిద్ర హార్మోన్

ఇక ఆ కబురు గుడ్డు దాకా చేరే దారి. పట్టుపురుగు తలలో అన్నవాహిక కింద ఒక చిన్న నాడీ ముడి ఉంటుంది. 1951లో జపాన్‌లో ఫుకుడా, హసెగావా వేరువేరుగా ఒకే విషయం కనిపెట్టారు. నిద్రపోయే గుడ్లు పెట్టాల్సిన ప్యూపా నుంచి ఆ ముడి తీసేస్తే అది నిద్రపోని గుడ్లు పెడుతుంది. ఆ ముడిని నిద్రపోని గుడ్లు పెట్టాల్సిన ప్యూపాలో అతికిస్తే నిద్రపోయే గుడ్లు వస్తాయి. అంటే ముడి నుంచి ఏదో కారుతోంది. దాని నిర్మాణం తేలడానికి మాత్రం మరో 40 ఏళ్లు పట్టింది, 1991లో 24 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అని తెలిసింది. పేరు కూడా సూటిగా డయాపాజ్ హార్మోన్ అనే పెట్టారు.

నిద్రపోని గుడ్లు పెట్టే పురుగులోనూ ఆ ముడి ఉంటుంది, ముడిలో హార్మోనూ ఉంటుంది. దాన్ని రక్తంలోకి వదలాలా వద్దా అన్నదే తేడా, ఆ తాళం మెదడు చేతిలో ఉంటుంది. వదిలిన హార్మోన్ అండాశయానికి చేరి అక్కడి కణాలు రక్తంలోని ట్రెహలోజ్‌ను ఎక్కువగా లాక్కునేలా చేస్తుంది. లాక్కున్నది గ్లైకోజెన్‌గా గుడ్డులో నిల్వ అవుతుంది. ఊరు వెళ్లే కూతురికి తల్లి సంచి నింపి పంపినట్టే ఇది, కాకపోతే సంచిలో ఉన్నది ఎప్పుడు తినాలో కూడా సంచే చెబుతుంది.

సార్బిటాల్: దుప్పటా, తాళమా

గుడ్డు పెట్టిన రెండు రోజులకు ఆ గ్లైకోజెన్ సార్బిటాల్‌గా, గ్లిసరాల్‌గా మారడం మొదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు అమ్మే మిఠాయిల్లో వేసే సార్బిటాలే ఇది. ఇవి చిక్కగా కరిగి ఉన్న ద్రవం త్వరగా గడ్డకట్టదు, చలిలో ప్రోటీన్లు, కణ పొరలు చెడిపోకుండా కాపాడుతుంది. అదే సమయంలో గుడ్డు శ్వాస బాగా పడిపోతుంది, పిండంలో కణాల విభజన ఆగిపోతుంది, పెంకు కింది పొరలో రంగు చేరి గుడ్డు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు రైతుకు కంటికి కనిపించే గుర్తు. నాలుగో రోజుకు కూడా పసుపుగానే ఉండి రంగు తిరగని గుడ్లు అక్కడక్కడ కనిపిస్తే, నిద్రపోయే జాతిలో అవి మగదానితో కలవక ఫలించని గుడ్లు.

చాలాకాలం సార్బిటాల్‌ను చలి దుప్పటి లెక్కనే చూశారు. 2000లో జపాన్ పరిశోధకులు నిద్రలో ఉన్న పిండాన్ని గుడ్డులోంచి బయటికి తీసి పోషక ద్రవంలో పెంచారు. అది పెరిగింది! చలి లేదు, యాసిడ్ లేదు, గుడ్డులోంచి బయటపడితే చాలు. అదే ద్రవంలో సార్బిటాల్ కలిపితే పెరుగుదల ఆగిపోయింది. దాంతో సార్బిటాల్ దుప్పటి మాత్రమే కాదు, తాళం కూడా అనే వాదన బలపడింది. అంటే పిండం నిద్రపోవడం లేదు, దాన్ని చుట్టూ ఉన్న చక్కెర ఆపుతోంది.

రెండో వైపు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఇలాంటి చక్కెరలు నిద్రలో లేని పురుగుల్లో కూడా చలికి అలవాటు పడేటప్పుడు పేరుకుంటాయి, అక్కడ అవి దేన్నీ ఆపవు. నిద్రలోకి వెళ్లే పురుగులన్నిట్లోనూ ఇవి పేరుకోవు కూడా. కాబట్టి నిద్రకూ చలి ఓర్పుకూ మధ్య ఉన్న బంధం అన్ని పురుగుల్లో ఒకేలా లేదు, రెండూ పక్కపక్కనే నడిచే వేరు పనులని చాలామంది అభిప్రాయం. నాకు అనిపించేది, పట్టుపురుగు మట్టుకు తాళం వాదనకు చేతిలో ప్రయోగం ఉంది, దాన్ని మిగతా పురుగులకు అంటగట్టడమే తొందరపాటు.

చలితో లేపడం, యాసిడ్‌తో లేపడం

సహజంగా ఈ గుడ్డును లేపేది చలికాలమే. 5 డిగ్రీల్లో 50 రోజులకు పైబడి ఉన్నాక సార్బిటాల్‌ను తిరిగి గ్లైకోజెన్‌గా మార్చే ఎంజైమ్ పని మొదలవుతుంది. అంటే చలిలో గుడ్డు ఊరికే పడి లేదు, రోజులు లెక్కపెడుతోంది. ఒక్క చల్లటి వారం వచ్చిపోతే మోసపోదు. కోల్డ్ స్టోరేజ్‌లో నాలుగు నెలలు, ఆరు నెలలు, పది నెలలు అని వేరువేరు పట్టికలతో గుడ్లు దాచి, కావాల్సిన పంటకు సరిగ్గా తీయడం ఈ లెక్క మీదే నడుస్తుంది. అయితే పెట్టిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయరు, కొన్నాళ్లు 25 డిగ్రీల్లో నిద్ర గట్టిపడనిచ్చి, మెట్లు మెట్లుగా చలి పెంచుకుంటూ పోతారు.

రెండో దారి యాసిడ్. నిద్రలోకి జారకముందే పట్టుకోవాలి, అదే కిటుకు. గుడ్డు పెట్టి 25 డిగ్రీల్లో సుమారు 20 గంటలు అయ్యాక, 46 డిగ్రీలకు వేడిచేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ఐదు నిమిషాల పాటు ముంచుతారు. యాసిడ్ చిక్కదనం 1.075 ఉండాలి, నీటి సాంద్రత 1 అనుకుంటే ఇది దానికి కాస్త పైన, చిన్న గాజు హైడ్రోమీటర్ వేసి చూస్తారు. తర్వాత ధారగా నీళ్లు పోసి, లిట్మస్ కాగితం ఎర్రబడని దాకా కడిగి, నీడలో ఆరబెడతారు. ఇలా చేసిన గుడ్డులో గ్లైకోజెన్ సార్బిటాల్‌గా మారదు, పిండం ఆగకుండా పెరుగుతుంది, పది పదకొండు రోజులకు పిల్లలు.

ఒక బ్యాచ్ తీసుకుని చూద్దాం. రెక్కల పురుగులు సాయంత్రం ఆరింటికి గుడ్లు పెట్టడం మొదలుపెట్టి రాత్రి పదింటికి ముగించాయనుకోండి. మొదటి గుడ్డుకూ చివరి గుడ్డుకూ నాలుగు గంటల తేడా. మర్నాడు సాయంత్రం నాలుగింటికి యాసిడ్ ఇస్తే మొదటి గుడ్డు వయసు 22 గంటలు, చివరిది 18 గంటలు, రెండూ దారిలోనే ఉన్నాయి. అదే ఏదో కారణాన (కరెంటు పోయి నీళ్లు వేడెక్కలేదనుకుందాం) పని మూడో రోజు ఉదయం పదింటికి జరిగిందనుకోండి, గుడ్ల వయసు 36 నుంచి 40 గంటలు అవుతుంది. అప్పటికి చాలా గుడ్లు నిద్ర దారిలో ముందుకెళ్లిపోయాయి, ఇదే యాసిడ్ ఇదే ఐదు నిమిషాలు వాటికి చాలవు. కొన్ని పొదుగుతాయి, కొన్ని మూడు రోజులు ఆలస్యంగా, కొన్ని పొదగనే పొదగవు. రైతు ఇంట్లో చిన్న పిల్లలను పెంచే చాకీ తట్టలో ఒకే గుడ్ల షీటు నుంచి చిన్నా పెద్దా కలిసి కనిపించేది ఇలాంటప్పుడే. గుడ్లు గుంటలు పడి ముడుచుకుపోయి ఉంటే మాత్రం కథ వేరు, యాసిడ్ ఎక్కువసేపు ఉండిపోయిందో, మరీ వేడెక్కిందో, పిండం చచ్చిపోయింది.

యాసిడ్‌కు ఒకటి రెండు నెలలు గడువు కావాలనుకుంటే దీనికే ఇంకో రూపం ఉంది. సుమారు రెండు రోజుల వయసు గుడ్లను 5 డిగ్రీల్లో 40 నుంచి 60 రోజులు ఉంచి, తీశాక ఇంకాస్త చిక్కటి, ఇంకాస్త వేడి యాసిడ్ ఇస్తారు. సగం పని చలి చేస్తుంది, మిగతా సగం యాసిడ్ చేస్తుంది.

హార్మోన్ ఉంటే నిద్రా, లేకపోతే నిద్రా

ఇంతదాకా చదివి "డయాపాజ్ అంటే డయాపాజ్ హార్మోన్" అని ఖాయం చేసుకుంటే మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు పెంచేవాళ్ల దగ్గర ఆ లెక్క తేడా కొడుతుంది. దసలి పురుగు గుడ్డులో నిద్రపోదు, గూట్లో ప్యూపాగా నిద్రపోతుంది. చలికాలంలో కట్టిన విత్తన గూళ్లను దండలుగా గుచ్చి ఎండాకాలమంతా నీడలో వేలాడదీసి ఉంచుతారు, వానలు పడ్డాక రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ప్యూపా నిద్రకు కారణం ఒక హార్మోన్ ఉండటం కాదు, ఒకటి లేకపోవడం. ప్యూపా రెక్కల పురుగుగా మారాలంటే ఎక్డైసోన్ అనే హార్మోన్ కావాలి, అది రావాలంటే మెదడు కబురు పంపాలి, మెదడు మౌనంగా ఉంటే అన్నీ అక్కడే ఆగుతాయి.

దీన్ని మొదట చూపించింది అమెరికాలో కారల్ విలియమ్స్, 1940లలో, దసలికి దూరపు చుట్టమైన సెక్రోపియా పురుగు మీద. చలిలో ఉంచిన ప్యూపా మెదడు తీసి, చలి తగలని నిద్రపోతున్న ప్యూపాలో పెడితే అది రెక్కల పురుగైపోయింది. చలిలో లేచింది మెదడు, మిగతా ఒళ్లు దాని కోసం ఎదురుచూస్తోంది.

ఇక కరువు కోసం నిద్రపోయేది మన పక్కనే ఉంది, అనంతపురం వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళి పురుగు. వానాకాలంలో మేసి, మట్టిలో దిగి ప్యూపాగా మారి, తర్వాతి ఏడాది తొలకరి దాకా తొమ్మిది పది నెలలు అక్కడే ఉంటుంది, ఎండిన నేలలో, మార్చి ఏప్రిల్ మే మాసాల మంటలో. మధ్యలో ఒక జల్లు పడితే లేవదు. గట్టి వాన పడి నేల లోపలి దాకా తడిసిన కొన్నాళ్లకు రాత్రికి రాత్రి గుంపులుగా రెక్కల పురుగులు లేచి వీధి దీపాల చుట్టూ మూగుతాయి, ఆ వారంలోనే చేలో వేరుశనగ మొలక కూడా లేచి ఉంటుంది.